మేకుకు వేలాడిన చొక్కా

నిద్ర లేవగానే ఊపిరక్క చేసే మొదటి పని, పక్కన పడుకున్న మనవరాలి పొట్ట వైపు నిమిషం పాటు చూడటం. గడియారం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, పొట్ట పైకి లేచిన ప్రతిసారీ మనసులో ఒక అంకె వేసుకుంటుంది. ఆ పిల్లకు నాలుగేళ్ళు, రాయిలా ఉంటుంది. "లెక్కపెట్టకు అమ్మమ్మా, కితకితలొస్తాయి" అని కళ్ళు తెరవకుండానే గొణుగుతుంది. ఇరవై ఆరో ఇరవై ఏడో వస్తే ఊపిరక్క జుట్టు ముడేసుకుని లేస్తుంది.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఇల్లిల్లూ తిరిగి చంటిపిల్లల ఊపిరి లెక్కపెట్టేది కనుక ఊపిరక్క. కట్టెల పొయ్యి పొగ మీద పరిశోధన జరిపిన ఒక చిన్న కార్యాలయంలో ఆమె ఆరేళ్ళు పనిచేసింది. పరిశోధన సంగతి చెప్పుకోవడానికి తేలికే. గర్భిణులున్న ఇళ్ళలో చీటీ తీసి సగం మందికి గ్యాసు పొయ్యి ఇచ్చారు. మిగతా సగం కట్టెల మీదే వండుకున్నారు, పరిశోధన ముగిశాక వాళ్ళకూ గ్యాసు ఇచ్చేట్టు మాట. పుట్టిన బిడ్డకు ఏడాది నిండేవరకూ ఏ ఇంట్లో నెమ్ము ఎక్కువ వస్తుందో చూడాలి. డాక్టర్లు న్యుమోనియా అనేదాన్నే ఇళ్ళలో నెమ్ము అంటారు.

ఆమె ఆ ఉద్యోగంలో ఆరేళ్ళూ నిలిచింది ఒకే ఒక్క సంగతి తేల్చుకోవడానికి. ఆమె రెండో బిడ్డ ఏడో నెలలో నెమ్ముతో పోయాడు. "మంచులో తిప్పావు, అందుకే పోయాడు" అంది అత్తగారు. ఆ మాట ఇరవై ఏళ్ళు గుండెలో ముల్లులా ఉండిపోయింది. బిడ్డను చంకనేసుకుని రోజూ రెండు పూటలా పొయ్యి ముందు కూర్చున్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. ఆమెకూ తట్టలేదు, చేరిన మొదటి రోజు పరిశోధన నడిపే డాక్టరమ్మ పొగ గురించి చెప్పేదాకా. పొగలోని సన్నటి నుసి ఊపిరితిత్తుల అడుగుదాకా దిగుతుందట, పొగలో పెరిగే పిల్లలకు నెమ్ము ముప్పు ఎక్కువట. గ్యాసు ఇళ్ళలో నెమ్ము తగ్గిందని తేలితే, తప్పు పొగది. తనది కాదు.

ఆరేళ్ళలో ఆమె కాళ్ళు అరిగాయి. ఆమె మోసుకెళ్ళే సరంజామాలో ముఖ్యమైంది జేబుల చొక్కా. ఛాతీ దగ్గర జేబులో చిన్న పెట్టె, అందులో గాలిని పీల్చే పంపు, లోపల పెద్ద గుండీ అంత తెల్ల బిళ్ళ. తల్లి ఒక పగలూ ఒక రాత్రీ దాన్ని వేసుకుని తిరగాలి, పడుకున్నప్పుడు పక్కనే పెట్టుకోవాలి. ఆమె పీల్చే గాలిలోని నుసంతా బిళ్ళకు పడుతుంది. వాడకముందూ వాడాకా బిళ్ళను తూస్తే ఎంత నుసి పట్టిందో తెలుస్తుంది.

ఇటుక బట్టీల వెనక సందులో చివరి ఇల్లు. గ్యాసు వచ్చిన ఇల్లే. కోడలికి ఆరు నెలల ఆడపిల్ల. ఊపిరక్క ఆమెకు చొక్కా తొడిగి, మర్నాడు వచ్చి తీసుకెళ్ళింది. రెండు రోజుల తర్వాత కార్యాలయంలో బిళ్ళలు తూచే తూకం కుర్రాడు గది లోంచే కేకేశాడు.

"అక్కా! ఆ చివరింటి బిళ్ళ చూడు, పాలలో కడిగినట్టుంది. ఇలాంటివి పది వస్తే మన డాక్టరమ్మ గాల్లో తేలుతుంది!"

"ముందు నువ్వు నేల మీద నిలబడు నాయనా. కదలికల గీత చూశావా?"

పెట్టెలో కదలికలను పసిగట్టే ముక్క కూడా ఉంటుంది. తెర మీద గీత రోజంతా వంకరటింకరగా పోయి, మెలకువ వేళ ఉదయం అయిదు నుంచి ఏడు దాకా కర్ర గీసినట్టు తిన్నగా ఉంది. పాత కట్టెల పొయ్యికి అతికించి వచ్చిన వేడి కొలిచే ముక్క మాత్రం సరిగ్గా ఆ రెండు గంటలే పొయ్యి భగ్గుమన్నట్టు చూపించింది.

తూకం కుర్రాడు తల గోక్కున్నాడు. "ఒక్క రోజేగా అక్కా. వదిలేద్దూ. లెక్క గ్యాసుకే మంచిది కదా."

మంచిదే. ఆమెకు ఇంకా మంచిది. తెల్లటి బిళ్ళ ఒక్కొక్కటీ ఆమె వైపు సాక్ష్యం చెప్పేదే. కలం పట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత నిట్టూర్చి, 'చొక్కా వేసుకోలేదు, కొలత చెల్లదు, మళ్ళీ కొలవాలి' అని రాసింది. మర్నాడు పొద్దున్నే ఇంకో చొక్కా భుజాన వేసుకుని ఆ సందు దారి పట్టింది.

"మళ్ళీ వచ్చావేంటమ్మా, మా ఇంట్లో ఏదైనా మర్చిపోయావా?" అంది కోడలి అత్త.

"మీరే మర్చిపోయారు పెద్దమ్మా, చొక్కా తొడుక్కోవడం. తెల్లారగట్ల అది మేకుకు వేలాడింది కదూ?"

పెద్దామె మొహం మాడిపోయింది. "ఆ పెట్టె మా ఇంట్లో విషయాలన్నీ నీకు మోస్తుందా?"

కోడలు నేల చూపులు చూస్తూ అంది. "స్నానాల నీళ్ళకు కట్టెలే పెడుతున్నాం అక్కా. గ్యాసు తరిగిపోతుందని. చొక్కా నల్లబడితే మీరొచ్చి గ్యాసు పొయ్యి పట్టుకుపోతారని అత్తయ్య బయట తగిలించమంది."

"ఎవరూ పట్టుకుపోరు. కొలిచేది పొగను, మిమ్మల్ని కాదు" అని ఊపిరక్క ఇంకేదో చెప్పబోయి ఆగింది. కోడలి భుజం మీద బిడ్డ ప్రతి ఊపిరికీ సన్నగా మూలుగుతోంది.

"ఎప్పట్నుంచి?"

"నిన్నటి నుంచి. జలుబేలే అనుకున్నాం."

బిడ్డను తల్లి ఒళ్ళో పడుకోబెట్టించి, బట్ట పైకి తీసింది. ఏడుపు ఆగేదాకా ఆగి, నిండా నిమిషం లెక్కపెట్టింది. ఆ వయసు బిడ్డకు యాభై దాటకూడదు. అరవై ఆరు. పక్కటెముకల కింద గుంట పడుతోంది, డొక్కలెగరేస్తోంది. బుజ్జి కాలికి తగిలించిన పరికరంలో ఆక్సిజన్ ఎనభై ఆరు, తొంభైకి తగ్గకూడదు. వెంటనే కార్యాలయం జీపుకు ఫోన్ చేసింది.

"మంచులో తిప్పింది ఇది, చెబితే వినదు" అని పెద్దామె కోడలి మీద విరుచుకుపడింది.

ఊపిరక్క తలెత్తింది. "పెద్దమ్మా, ఆ మాట మాత్రం అనకండి. జీపు వస్తోంది, బయల్దేరండి."

జీపు ఆలస్యమైంది. దారి పొడుగునా ఊపిరక్క బిడ్డ ఊపిరి లెక్కపెడుతూనే ఉంది. బిడ్డ ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద, సూది మందుల మీద అయిదు రోజులుండి బతికింది.

రెండేళ్ళకు ఫలితం వచ్చింది. డాక్టరమ్మ అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. గ్యాసు ఇళ్ళలో తల్లులు పీల్చే పొగ సగానికి పైగా తగ్గింది. పిల్లల్లో తీవ్రమైన నెమ్ము మాత్రం రెండు వైపులా ఇంచుమించు ఒకటే.

అందరూ వెళ్ళాక ఊపిరక్క అడిగింది. "అయితే పొగ తప్పు కాదా అమ్మా?"

"అలా అనలేం. పొగ చెడ్డదే, దానికి రుజువులు చాలా ఉన్నాయి. కానీ పొయ్యి మార్చినంత మాత్రాన నెమ్ము తగ్గుతుందని మనం చూపలేకపోయాం. వేరే దేశాల్లో కూడా దాదాపు ఇదే కథ. ఒక చోట పొగగొట్టం పొయ్యి పెడితే మొత్తం కేసులు కచ్చితంగా తగ్గాయని తేలలేదు, తీవ్రమైనవి కొంత తగ్గినట్టు కనిపించాయి. ఇంకో చోట మెరుగైన కట్టెల పొయ్యితో తేడాయే లేదు. పక్కింటి పొగ రావచ్చు, నెమ్ముకు వేరే కారణాలూ ఉంటాయి."

"మరి నా బాబు..."

డాక్టరమ్మకు ఆ సంగతి తెలుసు. "ఒక్క బిడ్డ ఎందుకు పోయాడో ఏ లెక్కా చెప్పదండీ. మంచు వల్ల అని మాత్రం నేను ఎక్కడా చదవలేదు."

ఊపిరక్క తలాడించింది. సగం జవాబే. ఆ సగాన్నే సంచిలో వేసుకుని బస్సెక్కింది.

ఇప్పుడామె టీకాల కేంద్రంలో పనిచేస్తోంది. ఇంట్లో వంట గ్యాసు మీదే. స్నానాల నీళ్ళు మాత్రం ఇంకా పెరట్లో కట్టెల మీదే కాగుతాయి; అవి కాగినంతసేపూ మనవరాలు వీధి గుమ్మంలో కూర్చుంటుంది.