మూడు బజ్జీల బోణీ

మా కాలేజీలో జర్నలిజం చెప్పే మేడం ఒకరోజు, "పత్రికకు ఫీచరు రాసేసి పంపకండి. రాయనా అని ముందు అడగండి" అన్నారు. ఏం రాస్తామో, ఇప్పుడే ఎందుకు రాయాలో, ఎవరితో మాట్లాడతామో ఒక్క పేజీ ఈమెయిల్లో చెప్పి ఎడిటర్‌ను ఒప్పించాలట. ఆ మాట విన్న సాయంత్రమే నేను బందరులో ఓ నెట్ సెంటర్లో దూరి, హైదరాబాదులో ఉన్న వారపత్రిక ఎడిటర్‌గారికి మెయిల్ కొట్టేశాను. గుడివాడ నుంచి రోజూ పాసింజర్లో వచ్చి చదువుకునే పిల్లని. నా పేరు అచ్చులో చూసుకోవాలన్న పిచ్చి తలకెక్కి, ఆ నెలలో నాకు అన్నం కూడా సరిగ్గా సయించేది కాదు.

అంశం: వీధి వ్యాపారుల మీద పెరుగుతున్న ఖర్చుల భారం. గ్యాసు, నూనె, శనగపిండి, రోజూ మున్సిపాలిటీకి కట్టే ఆశీలు, అన్నీ ఏకరువు పెట్టాను. సామాన్యుడి నడ్డి విరుగుతోందని మూడుచోట్ల విరిచాను. జవాబు రెండు రోజుల్లో వచ్చింది. "ధరలు పెరిగాయని మా పాఠకులకు తెలుసు. ఇది అంశం, కథనం కాదు. ఆ వీధిలో ఏం జరగబోతోంది? ఎవరికి?" అంతే. వద్దనలేదు కదా అని నేను నెట్ సెంటర్లో కుర్చీలోంచి లేచి గంతేశాను. పక్క కుర్చీలో రైల్వే పరీక్షకు దరఖాస్తు నింపుకుంటున్న అబ్బాయి ఉలిక్కిపడి, నింపిందంతా చెరిపేసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కాలేజీ ఎగ్గొట్టి కోనేరు సెంటర్‌కి వెళ్లాను. అక్కడ వరసగా నిలబడే బళ్లలో మిరపకాయ బజ్జీల బండి ఒకటి నాకు అలవాటు. అవనిగడ్డ వైపు నుంచి వచ్చి స్థిరపడిన మొగుడూ పెళ్లాలు నడిపేవారు. ఆయన పొయ్యి చూసుకునేవాడు, తక్కినదంతా ఆవిడ. నేను బాబాయ్, పిన్నీ అనేదాన్ని. వెళ్తూనే పుస్తకం తెరిచి, "పిన్నీ, రోజుకి ఎంత నష్టం వస్తోంది?" అన్నాను.

పిన్ని గరిటె పక్కన పెట్టింది. "బోణీ కాలేదమ్మాయ్. వచ్చీ రాగానే ఆ మాటేంటి? ముందో ప్లేటు తీస్కో, తర్వాత ఎన్ని నష్టాలు కావాలంటే అన్ని చెప్తాను."

తీసుకున్నాను. పది రూపాయలకు నాలుగు బజ్జీలు. మిరపకాయలు ఇదివరకటి కంటే పొట్టివి, శనగపిండిలో బియ్యప్పిండి పాలు పెరిగింది, పైన చల్లే ఉల్లిపాయ ముక్కలు వెతుక్కుంటే కనపడుతున్నాయి. ఇక తగ్గించడానికి బజ్జీలో ఏమీ మిగల్లేదు.

"మరి రేటు పెంచొచ్చుగా పిన్నీ?"

"పన్నెండు చేస్తే చిల్లరెక్కడ తెచ్చేది? పదికి మూడు చేద్దామనుకుంటున్నాం. కానీ బోణీ ఎవరు చేస్తారు?"

అక్కడ నాకు అసలు సంగతి దొరికింది. తొలి బేరం తిరిగిపోతే ఆ రోజంతా పాడవుతుందని వాళ్ల నమ్మకం. కొత్త రేటు పెట్టిన రోజు మొదట వచ్చినవాడు నాలుగోదేదని అడిగి, విసుక్కుని వెళ్లిపోతే? ఆ భయంతో పునుగుల బండీ, సమోసాల బండీ, ఉడికించిన శనగలమ్మే మామ్మా, అందరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటూ పాత రేటుకే అమ్ముతున్నారు. చెయ్యి మంచిదైన మనిషి ఒకరు వచ్చి, కిక్కురుమనకుండా కొత్త రేటుకి కొనాలి. పక్క వీధి టైలరుగారిది చల్లని చెయ్యి అని పేరు. సోమవారం వస్తానని మాటిచ్చారు.

నెట్ సెంటర్‌కి పరుగెత్తాను. ఈసారి మెయిల్లో ఎవరి నడ్డీ విరవలేదు. సోమవారం ఒక వీధిలో ఒక బోణీ జరగబోతోందనీ, అది జరిగితే మిగతా బళ్లూ రేటు మారుస్తాయనీ, జరక్కపోతే ఈ బండి మూతపడొచ్చనీ రాశాను. బండివాళ్ల ఒప్పుకోలు తీసుకున్నాననీ, ఫోటోలు ఇస్తాననీ చివర చేర్చాను. సాయంత్రానికే జవాబు. "రాయండి. నాలుగు పేజీలు ఉంచుతాను. ఒక్కటే షరతు: చూడండి, వేలు పెట్టకండి." ఆ రోజు రైల్లో పెడన వచ్చేవరకూ కిటికీ బయటికి చూసి నవ్వుకుంటూనే ఉన్నాను. ఎదురుగా కూర్చున్న ముసలాయన, "ఏమ్మా, పెళ్లి కుదిరిందా?" అన్నాడు. అంతకంటే పెద్దది కుదిరిందని చెప్పాను.

సోమవారం నాలుగింటికి బండి పక్కన కెమెరాతో నిలబడ్డాను. టైలరుగారు రాలేదు. కూతురికి నొప్పులొస్తున్నాయని కబురొస్తే ఘంటసాల ఊరికి వెళ్లారట. ఈలోగా సినిమా హాల్లో టిక్కెట్లు చించే ఆయన వచ్చాడు. కొత్తిమీర కట్ట కొన్నా కొసరు అడిగే రకం.

"నూనె కాగలేదండీ" అంది పిన్ని.

మూకుడులోంచి పొగ లేస్తోంది. ఆయన పొగ వైపూ పిన్ని వైపూ మార్చి మార్చి చూసి, సరే కాగనివ్వమని అక్కడే నిలబడ్డాడు. వెనక ఇంకో ఇద్దరు చేరారు. వాళ్లకీ నూనె కాగలేదు. బాబాయ్ మంట తగ్గిస్తున్నాడు, పెంచుతున్నాడు, చెమట తుడుచుకుంటున్నాడు. పునుగుల బండాయన గరిటె ఆపి ఇటే చూస్తున్నాడు. నాకు నవ్వు ఆగడం లేదు. అంతలో పిన్ని నా వైపు తిరిగింది. ఆవిడ కళ్లు చూస్తే నవ్వు పోయింది.

నాలుగు పేజీలు గుర్తొచ్చాయి. అచ్చులో నా పేరు గుర్తొచ్చింది. షరతూ గుర్తొచ్చింది. కెమెరా సంచిలో పెట్టేసి, పది రూపాయల నోటు తీసి, "పిన్నీ, ఒక ప్లేటు" అన్నాను.

పిన్ని నోటు కళ్లకద్దుకుంది. కాగితంలో మూడు బజ్జీలు పెట్టి ఇచ్చింది. అంతలా కాగిన నూనెలో వేగినవి పైన మాడి లోపల పచ్చిగా ఉన్నాయి. నోరు కాలుతున్నా పండగ భోజనంలా తిన్నాను. తర్వాత సినిమా హాలాయన తన మూడూ లెక్కపెట్టుకుని, "నాలుగోదేదమ్మా?" అన్నాడు.

"ఇందాక ఆ అమ్మాయి మూడే తీసుకుంది కదండీ" అంది పిన్ని. ఆయన నన్ను ఓసారి కోపంగా చూసి తినడం మొదలుపెట్టాడు. వెనక ఇద్దరూ అడగలేదు.

జరిగింది జరిగినట్టు ఎడిటర్‌గారికి రాశాను. "రిపోర్టరు వార్తను చూడాలి, కొనకూడదు. ఇది వేయలేను. మరోటి పంపండి" అని జవాబొచ్చింది. ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. పిన్నికి చెప్పడమే కష్టమనిపించింది.

మర్నాడు సాయంత్రం వెళ్లి చెబితే, "పుస్తకంలో రాదా?" అంది పిన్ని. బాబాయ్ పొయ్యి వైపు చూస్తూ, "మావల్లే పోయింది" అన్నాడు. పిన్ని మాత్రం నా చెయ్యి పట్టుకుని వరస చివరికి తీసుకెళ్లింది. పునుగుల బండాయన మూకుడు దింపి కూర్చున్నాడు. సమోసాల బండి ముందు పళ్లెం నిండుగా ఉంది, ఒక్కటీ అమ్మలేదు. శనగల మామ్మ నన్ను చూడగానే కొంగు సర్దుకుని, "ఇంతసేపేంటే తల్లీ, నీ చేత్తోనే కొత్త రేటు మొదలెడదామని బోణీ ఆపి కూర్చున్నాను" అంది.

ఆ సాయంత్రం మూడు బళ్ల దగ్గరా కొత్త రేటుకి తిన్నాను. నెలకి ఇంట్లో ఇచ్చిన డబ్బులో మిగిలిందంతా అయిపోయి, కడుపు పట్టుకుని స్టేషనుకి నడిచాను. తర్వాత పత్రికల్లో నా పేరు చాలాసార్లు అచ్చయింది. నేను వచ్చేదాకా బోణీ ఆపి కూర్చున్న పత్రిక మాత్రం ఒక్కటీ లేదు.