మీరివ్వని హక్కు

మా ఆసుపత్రిలో ఏసీ ఉన్న గదులు మూడే: ఆపరేషన్ థియేటరు, పెద్ద డాక్టరు గది, నాది. నాది అంటే నాకోసం పెట్టింది కాదు లెండి, సర్వరు కోసం. కల్లూరు నుంచి షేర్ ఆటోలో ఇరుక్కుని, చెమటలు కక్కుకుంటూ వచ్చి ఆ గదిలో కూర్చుంటే ప్రాణం లేచొచ్చేది. కర్నూల్లో ఉన్న ఆ ఆసుపత్రికి కడపలో ఒక శాఖ ఉండేది. రెండు చోట్ల రోగుల వివరాలూ నా గదిలోని ఒకే డేటాబేసులో ఉండేవి. దాన్ని చూసుకోవడమే నా ఉద్యోగం.

ఆ ఏడాది ల్యాబు ఫలితాలకు ఎన్‌క్రిప్షన్ పెట్టాను. అంటే ఫలితం డిస్కు మీదికి వెళ్ళేటప్పుడే ఎవరికీ అర్థం కాని రూపంలోకి మారిపోతుంది. డిస్కు పీక్కుపోయినా, బ్యాకప్ టేపు ఎత్తుకుపోయినా దొంగకు దక్కేది చెత్త. దాని తాళంచెవి వేరే ఫైల్లో ఉంటుంది, సర్వరు ఆగి లేచినప్పుడల్లా నేను పాస్‌వర్డు కొట్టి తెరవాలి. పెద్ద డాక్టరు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు, "మా మేడమ్ బీగం వేసేసినారు, ఇంక దేవుడు గూడా చదవలేడు" అని. నేనూ పొంగిపోయాను. చూసే హక్కు ఉన్న ఖాతాతో లోపలికొచ్చిన వాళ్ళకు యంత్రమే తాళం తీసి, మామూలు అక్షరాల్లో చూపిస్తుందన్న సంగతి ఆయనకు నేను విడమర్చి చెప్పలేదు. పొగుడుతున్న మనిషిని ఆపబుద్ధి కాలేదు.

ఒక శుక్రవారం కాన్పుల వార్డు నర్సక్క ఒకావిణ్ణి నా గదికి తీసుకొచ్చింది. పాతికేళ్ళు కూడా ఉండవు. నాలుగో నెల. కొంగు పిడికిట్లో నలిపేస్తోంది.

"ఈయమ్మ నిన్నే అడగల్లంట" అంది అక్క.

ఆమెది నందికొట్కూరు, ఇచ్చింది కడపలో. కడపలో పరీక్ష చేయించుకుంటే తెలిసినవాళ్ళు ఉంటారని, పుట్టింటికి వచ్చిన వంకతో కర్నూల్లో చేయించుకుంది. హెచ్‌ఐవి పరీక్ష తేడాగా వచ్చింది. ఖాయం చేసుకోవడానికి మళ్ళీ రక్తం తీయాలన్నారు. ఈలోగా కడపలో ఆమె ఆడబిడ్డ ఫోన్ చేసి, "నీ రక్తంలో ఏందో వచ్చిందంట గదా, మళ్ళా చేయల్లంట గదా" అని అడిగిందట.

"ఏం పరీక్షో ఇంకా తెలీదు మేడమ్ ఆయమ్మకు. సుగర్ అని చెప్పినా. రెండోది గూడా తెలిస్తే నన్ను ఆ ఇంట్లో ఉండనీరు. మీరు ఎవరికీ కనపడకుండా చేస్తారంటే సోమవారం రక్తమిస్తా. లేదంటే ఇంక ఈ దిక్కుకు రాను."

రాకపోతే ఏమవుతుందో ఆమె వెళ్ళాక అక్క చెప్పింది. వచ్చిన ఫలితం నిజమైతే బిడ్డకు సోకకుండా మందులు మొదలుపెట్టాలి, కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి. ఇంట్లో కానిచ్చేస్తే ఆ బిడ్డ గతి దైవాధీనం.

ఆ పూటే ఆడిట్ ట్రయల్ తీశాను. ల్యాబు ఫలితాలను ఎవరు తెరిచినా ఖాతా పేరు, యంత్రం పేరు, సమయం, అడిగిన ప్రశ్న అన్నీ అందులో పడేలా నేనే పెట్టాను. ఆమె రోగి నంబరు కోసం వెతికితే, కర్నూలు ల్యాబూ కాన్పుల వార్డూ కాక మూడో పేరు వచ్చింది: కడప రిజిస్ట్రేషను కౌంటరు. చీటీ రాసే కౌంటరుకు ల్యాబు ఫలితాలతో పనేంటి? నాకు ఒళ్ళు మండిపోయింది.

వెంటనే ఆ కౌంటరు హక్కు రద్దు చేయమని కొట్టాను. యంత్రం ఒప్పుకోలేదు. మీరివ్వని హక్కును మీరు తీసేయలేరు అని తెర మీద పడింది. ఆ పట్టికకు యజమాని ఖాతా నాదే అయినా సరే, ఎవరిచ్చారో వాళ్ళే తీయాలి.

ఎవరిచ్చారా అని చూస్తే కడప రికార్డుల ఇన్‌ఛార్జి. ఆయనకెవరిచ్చారు? ఇక్కడ మా రికార్డుల పెద్దాయన, నేను అన్నా అని పిలిచే మనిషి. ఆయనకెవరిచ్చారు? నేను. మూడేళ్ళ క్రితం కొత్త నర్సు చేరినప్పుడల్లా, "మేడమ్, ఈ పిల్లకు ఓపెన్ కాలేదు" అని నా ప్రాణం తోడేసేవారు. విసుగెత్తి ఒకరోజు అన్నకు చూసే హక్కుతో పాటు దాన్ని ఇంకొకరికి ఇచ్చే హక్కు కూడా ఇచ్చేశాను. దాన్నే గ్రాంట్ ఆప్షన్ అంటారు. "నీకు కావలసినోళ్ళకు నువ్వే ఇచ్చుకో అన్నా, నన్ను పీక్కు తినొద్దు" అన్నాను. ఆయన నా మాటే తూచా తప్పకుండా పాటించాడు.

ఇచ్చే హక్కును ఒక్కదాన్నే వెనక్కి తీసుకుందామంటే మా డేటాబేసులో ఆ వీల్లేదు. చూసే హక్కుతో సహా మొత్తం తీసి, తర్వాత చూసే హక్కు మాత్రం మళ్ళీ ఇవ్వాలి. మొత్తం తీస్తే ఆయన ఇచ్చినవి, ఆయన దగ్గర తీసుకున్నవాళ్ళు ఇచ్చినవి, అన్నీ వాటంతటవే ఊడిపోతాయి. ఆ సంగతి నాకు తెలుసు. ఎవరెవరికి ఊడిపోతాయో ముందు జాబితా రాసుకోవాలనీ తెలుసు. కానీ కోపంలో ఉన్నాను. శనివారం ఉదయం అన్న హక్కు పీకేశాను.

పది నిమిషాల్లో ఫోన్లు మోగాయి. థియేటరులో రోగిని బల్ల మీద పడుకోబెట్టారు, హిమోగ్లోబిన్ ఎంతో తెర మీద రాలేదు. పిల్లల వార్డు, ఐసీయూ, కడప మొత్తం. మత్తు డాక్టరు ఫోన్లో అరిచిన అరుపు నాకు ఇంకా చెవుల్లో ఉంది. ఒక్కో వార్డుకూ నేనే నేరుగా, ఇచ్చే హక్కు లేకుండా, చూసే హక్కు ఇస్తూ పోయాను. మధ్యాహ్నానికి గాని ఒక కొలిక్కి రాలేదు. అన్న గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమ్మా, నాకొక మాట చెప్పకుండా తీసేస్తివే. నేనేమన్నా దొంగనా?"

"దొంగవి కాదన్నా, తెలివితక్కువవాడివి. కౌంటరోళ్ళకు గూడా తెరిపిస్తావా?"

"నేను యాడిస్తినమ్మా? నేను కడపాయనకిస్తి, ఆయప్ప ఎవరికిచ్చుకున్న్యాడో నాకేం తెలుసు?"

ఆయన తప్పేమీ లేదని అర్థమైంది. అయినా నోరు మూసుకోలేదు. పెద్దమనిషి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అన్న వెళ్ళాక, కడప ఇన్‌ఛార్జి ఇచ్చిన హక్కులు ఏమైనా మిగిలాయా అని ఆ ఇన్‌ఛార్జి పేరుతో వెతికాను. ఒక్కటీ లేదు. హమ్మయ్య అనుకున్నాను.

సోమవారం ఆమె వచ్చింది. నర్సక్క నన్ను పక్కకు పిలిచింది.

"ఈ ఒక్కటీ కంప్యూటర్లో ఎక్కియ్యొద్దులే తల్లీ. కాగితం మీద రాపిచ్చి డాక్టరమ్మ చేతికే ఇద్దాం."

నాకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది. శనివారమంతా తిట్లు తిని చేసిన పని మీద నమ్మకం లేదా అనిపించింది. "అక్కా, నేను మూసినానంటే మూసినట్టే. నా పని నాకు నేర్పొద్దు" అన్నాను. ఆమె వైపు తిరిగి, "ధైర్యంగా ఇవ్వమ్మా, ఇంక కడపలో ఎవరికీ కనపడదు" అని నా నోటితో నేనే చెప్పాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. అరచేతులు చల్లగా ఉన్నాయి.

గురువారం ఫలితం ఎక్కింది. పాజిటివే. శనివారం రమ్మని చెప్పి పంపారు.

శుక్రవారం ఉదయం, రోజూ కాఫీ తాగుతూ చూసినట్టే ఆడిట్ ట్రయల్ తెరిచాను. గురువారం మధ్యాహ్నం, ఆమె నంబరు, కడప కౌంటరు. సమయం తప్పేమో, పాత వరుసేమో అని మూడుసార్లు చదివాను. కాదు.

ఈసారి ఇన్‌ఛార్జి పేరుతో కాకుండా కౌంటరు పేరుతో వెతికాను. మొదటే చేయవలసిన పని అది. ఇంకో దారి ఉంది. ఆ కౌంటరుకు అదే హక్కును మా కర్నూలు ల్యాబు పెద్ద కూడా విడిగా ఇచ్చి ఉన్నాడు. ఒకే హక్కు ఇద్దరి దగ్గర తీసుకున్నవాడికి ఒకరిది ఊడినా రెండోది నిలుస్తుంది. మరి ల్యాబు పెద్దకు ఇచ్చే హక్కు ఎవరిచ్చారంటే, ఆ వరుసలోనూ నా పేరే. ఎప్పుడిచ్చానో కూడా గుర్తులేదు. ఆయన కూడా ఏదో ఒక రోజు నన్ను పీక్కు తినుంటాడు.

"కడప పేషెంట్లు రిపోర్టు వచ్చిందో లేదో తెలీక ఊరికే బస్సులెక్కి వస్తాండ్రి మేడమ్" అన్నాడాయన. "కౌంటరాయప్ప చూసి ఫోన్లో చెప్తాడు గదా అని ఇస్తి. మంచికే ఇస్తి."

మంచికే. ఆ మాట నిజం. మావైపు రిపోర్టు కోసం బస్సెక్కే ముందు, తెలిసినవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకు ఫోన్ చేస్తారు. కడప కౌంటరు అతనికి నేనే ఫోన్ చేశాను.

"వాళ్ళ ఆడబిడ్డ మా వీధే మేడమ్. వదిన రిపోర్టు వచ్చిందేమో చూడప్పా అనె. చూసి చెప్తి. ఇంటోళ్ళే గదా? బయటోళ్ళకు ఎవురికీ చెప్పలేదు, మా పిల్లల మీద ఒట్టు."

అతన్ని బూతులు తిట్టాలని నోటిదాకా వచ్చింది. తిట్టలేకపోయాను. ఫోన్ పెట్టేసి బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

శనివారం ఆమె రాలేదు. నర్సక్క వారం రోజులు ఫోన్ చేసింది, స్విచాఫ్. ఒకరోజు సెలవు పెట్టి నందికొట్కూరు బస్సెక్కింది. వాళ్ళమ్మ గుమ్మంలోనే నిలబడి, "మా బిడ్డ ఈడ లేదు, యాడుందో మాకూ తెలీదు, మీరు చేసిన ఉపకారం చాలు" అని తలుపు వేసిందట. వచ్చి నాతో చెప్పింది అక్క. ఇంకో మాట అనలేదు. అనుంటే బాగుండేది.

పెద్ద డాక్టరు రిపోర్టు రాయమన్నారు. హక్కు ఎవరి నుంచి ఎవరికి వెళ్ళిందో గీతలు గీసి, అన్నిటికీ పైన నా పేరు రాసి ఇచ్చాను. ఆయన చదివి, కౌంటరు అతన్ని తీసేశారు. నన్ను తీయమని నేనే అడిగాను. "నిన్ను తీసేస్తే ఆ బీగం పాస్‌వర్డు ఎవరికి తెలుసమ్మా?" అన్నారు. అన్నకు క్షమాపణ చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఆమె లెక్క ప్రకారం తొమ్మిది నెలలు నిండిన వారం, నేను ఆగలేక ఆమె నంబరు కొట్టి చూశాను. కొత్త చీటీ లేదు, మందు లేదు, కాన్పు లేదు. కర్నూల్లోనూ లేదు, కడపలోనూ లేదు. అన్నిటికంటే చివర గురువారం నాటి ఆ ఫలితమే ఉంది. డిస్కు మీద ఇప్పటికీ భద్రంగా, ఏ దొంగా చదవలేని రూపంలో ఉంది.

మర్నాడు ఆడిట్ ట్రయల్‌లో నా ఖాతా పేరు పడి ఉంది. ఆ తర్వాత నేను ఆ ఉద్యోగం మానేసేదాకా రోజూ చూశాను. ఆ నంబరు మీద చివరి వరుస నాదే.