చూలు గొర్రెల గడి

పెనుకొండ బస్టాండు ఎదురుగా నీలావతి డీటీపీ అంగడి. రేషన్ కార్డు అర్జీల నుంచి పెళ్లిపత్రికల దాకా ఆమె చేతిమీదుగా పోవాల్సిందే. పుట్టింది బుక్కపట్నం దగ్గర పల్లెలో, గొర్రెలు కాసే ఇంట్లో. పెళ్లయ్యాక ధర్మవరంలో పట్టుచీరల లేబుళ్లు అచ్చువేసే ప్రెస్సులో టైపింగ్ నేర్చుకుంది. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లలతో పెనుకొండకు వచ్చి సొంతంగా అంగడి పెట్టుకుంది. కంప్యూటర్ ముందు కూర్చుంటే మాట వినిపించుకోదని అంగడికొచ్చేవాళ్లంతా అంటారు. అది నిజమే.

వానలు పడకముందు ఒక ఉదయం ఓబుళప్ప వచ్చాడు. చుట్టుపక్కల పల్లెల గొర్రెల కాపరుల సంఘానికి ఆయన కార్యదర్శి. చేతిలో నలిగిన చిన్న పుస్తకం, ఫోనులో దాని పీడీఎఫ్.

"అమ్మా నీలావతీ, పశువుల డాక్టరు రాసిచ్చిన పుస్తకం ఇది. కడుపులో పురుగులకు నట్టల మందులు ఎట్ల తాపాల, టీకాలు ఎప్పుడు ఏయాల, అన్నీ ఉండాయి. ఫోన్ నంబర్లు, టీకాల నెలలు మార్చి మళ్లా అచ్చేయించాల. గురువారం మందులు తాపే క్యాంపు ఉండాది."

"టైపు చేసిన ఫైలు లేదాన్నా?"

"యాడ్నుంచి వస్తాది! ధర్మవరంలో టైపు చేసినాయప్ప అంగడి మూసేసినాడు. కంప్యూటర్ పాతసామాన్లోళ్లకు ఏసినాడంట. ఈ పీడీఎఫ్ ఒకటే మిగిలింది."

"సరే పెట్టి పో. వర్డులోకి మార్చి చూస్తా."

నీలావతి పీడీఎఫ్‌ను వర్డులో తెరిచింది. పేజీలు వచ్చాయి గానీ తెలుగు కనబడలేదు. తెలుగు ఉండాల్సిన చోటంతా అడ్డదిడ్డం ఇంగ్లీషు గుర్తులు. ఆమె ఆశ్చర్యపోలేదు. పీడీఎఫ్ లక్షణాలు తెరిచి ఫాంట్ల పేర్లు చూసింది. అనుకున్నట్టే యూనికోడ్ రాకముందు నాటి తెలుగు ఫాంటు. అలాంటి ఫాంట్లలో తెర మీద కనబడేది తెలుగే అయినా, లోపల దాగివుండేది ఇంగ్లీషు గుర్తులు. ఆ ఫాంటు అందకపోతే గుర్తులు అట్లాగే బయటపడతాయి.

ఆ ఫాంటు ఆమె దగ్గర ఉంది. తెలుగు భాగాలకు మాత్రమే దాన్ని పెట్టింది. మొత్తం ఫైలుకు ఒకేసారి పెడితే అంకెలు, ఇంగ్లీషు మందుల పేర్లు పిచ్చి తెలుగుగా మారిపోతాయని ఆమెకు అనుభవం. తరువాత ఆ తెలుగును యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాంలో వేసి తెచ్చుకుంది. అక్కడక్కడ వత్తులు జారిపోయాయి. "గొర్రె" కొన్నిచోట్ల "గొరె" అయింది. పాత పుస్తకం పక్కన పెట్టుకుని పేజీ పేజీ చదివి దిద్దింది. కొత్త ఫాంటు కొంచెం వెడల్పు కావడంతో మాటలు కింది పేజీలోకి జారాయి. వాటిని సర్ది, ఓబుళప్ప రాసిచ్చిన కొత్త ఫోన్ నంబర్లు, టీకాల నెలలు ఎక్కించింది.

మందుల పట్టిక మాత్రం చక్కగా వచ్చింది. గీతలు, అంకెలు, గడులు అన్నీ ఉన్నాయి. పైపైన చూసి తలూపింది. మధ్యాహ్నానికి పని అయిపోయింది. వర్డు ఫైలు అట్లే పంపితే అవతల కంప్యూటర్‌లో ఫాంటు మారి పేజీలు మళ్లీ జరుగుతాయి. అందుకని ఫాంట్లు లోపల ఉండేటట్టు మళ్లీ పీడీఎఫ్ చేసి, హిందూపురం ప్రెస్సు జోసెఫ్‌కు వాట్సాప్‌లో పంపించింది. "ఈ పూటే మిషనుకు ఎక్కిస్తాక్కా" అని జవాబు వచ్చింది.

నీలావతి టీ తాగి, ఓబుళప్పకు ఇవ్వడానికి ఒక కాపీ ప్రింటు తీసింది. అంతలో తిరిగొచ్చిన ఆయన పాత పుస్తకంలోంచి చదువుతుంటే ఆమె కాపీలో చూసుకుంటూ పోయింది. పట్టిక వచ్చింది.

"మొదటి మందు, రెండో మందు. రెండిట్కీ కలిపి పక్కన రాసుండాది చూడు: చూలు గొర్రెలకు తొలినెలల్లో ఇవ్వరాదు."

నీలావతి వేలు ఆగిపోయింది. పాత పుస్తకంలో ఆ హెచ్చరిక రెండు వరుసలకూ కలిపిన ఒకే పెద్ద గడిలో ఉంది. కాపీలో ఆ గడి రెండుగా చీలింది. మాటలన్నీ మొదటి మందు పక్కకు చేరాయి. రెండో మందు పక్కన ఖాళీ.

"ఇంకా కింద చదువన్నా," అంది.

ఆయన చదివాడు. ఇంకొక తప్పు దొరికింది. ఒక మందు పేరు పొడుగ్గా ఉండి రెండు లైన్లలో ఉంటే, వర్డు దాన్ని రెండు వరుసలుగా చీల్చింది. దాంతో ఆ కింద మోతాదులన్నీ ఒక్కో మెట్టు పైకి జరిగాయి. అంకెలు అన్నీ ఉన్నాయి, కానీ అక్కడి నుంచి ఏదీ తన మందు పక్కన లేదు.

నీలావతికి చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. అవ్వ మంద దగ్గర కూర్చుని, ఈసుకుపోయి పిల్లను పోగొట్టుకున్న గొర్రెను ఒళ్లోకి లాక్కుని నిమరడం. కడుపులో పిల్ల పోతే ఆ యేడు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లు కాదు.

జోసెఫ్‌కు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మిషను మోతలో వినబడదు. మెసేజ్ పెట్టింది, చూడలేదు.

"నాయనా, మిషను తిరిగిందంటే..." అంది లేచి నిలబడి.

"నా బండి ఉండాది గదమ్మా. పోదాం పా."

అయినా ఆమె వెంటనే బయలుదేరలేదు. మళ్లీ కూర్చుని ఆ పట్టికను చెరిపేసి, ఖాళీ పట్టిక కొత్తగా గీసింది. రెండు గడులను కలిపి హెచ్చరిక టైపు చేసింది. ఓబుళప్ప అంకెలు చదివితే ఒక్కొక్కటీ కొట్టింది. మిగిలిన పట్టికలనూ వరుస వరుస పాతదానితో సరిపోల్చింది. అవి బాగానే ఉన్నాయి. మళ్లీ పీడీఎఫ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని షట్టరు దించింది.

బండి సోమందేపల్లి దాటింది. ఎండ మాడిపోతోంది. ఓబుళప్ప ఉండుండి, "ఏం కాదులే," అంటూ వచ్చాడు. ఆయన మాట ఆమె కోసమా, తన కోసమా తెలియలేదు.

హిందూపురంలో ప్రెస్సు ముందు బండి ఆపేసరికి లోపల మోత లేదు. జోసెఫ్ గడప మీద కూర్చుని అట్టతో విసురుకుంటున్నాడు.

"ఏమక్కా, ఇద్దరూ వచ్చినారు? కరెంటు పోయి ఎంతసేపయిందో! పుస్తకం పైఅట్ట మాత్రం అచ్చయింది. లోపలి పేజీలకు ప్లేట్లే చేయలేదు. ఫోను ఛార్జింగ్ అయిపాయ."

నీలావతి గోడకు ఆనుకుని కూర్చుంది. నవ్వో ఏడుపో తెలియని శబ్దం చేసింది. ఓబుళప్ప తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"నీళ్లుండాయా జోసెఫ్?" అంది.

కరెంటు వచ్చాక జోసెఫ్ కొత్త ఫైలుతో నమూనా తీశాడు. ముగ్గురూ వంతులేసుకుని చదివారు. ఈసారి పట్టికతోనే మొదలుపెట్టారు. తప్పేమీ దొరకలేదు. తిరిగొచ్చే దార్లో ఓబుళప్ప ఆమెకు బోండాలు తినిపించాడు. వద్దంటూనే ఆమె రెండో ప్లేటు అడిగింది.

గురువారం క్యాంపుకు ఆమె కూడా వెళ్లింది. కొత్త పుస్తకాలు చేతులు మారుతున్నాయి. యల్లక్క అనే ముసలామె నాలుగు గొర్రెలను తోలుకొచ్చి ఓబుళప్పను అడిగింది, "ఏమప్పా, ఈ రెండూ రెండో నెల చూలువి. ఈడ ఇచ్చే మందు తాపొచ్చునా?"

ఓబుళప్ప పుస్తకం తెరిచి, పట్టికలో రెండో మందు పక్కన వేలు పెట్టి చదివాడు. "తొలినెలల్లో వద్దు యల్లక్కా. ఈడ రాసుండాది. డాక్టరును అడిగి వేరే మందు తాపుదాం."

యల్లక్క ఆ రెండింటినీ పక్కకు కట్టేసి, మిగతా రెండింటినీ వరుసలోకి తోలింది. నీలావతి చెట్టు నీడలో నిలబడి, పిల్లలకు అన్నం వేళయిందని గుర్తొచ్చి, చెప్పులు తొడుక్కుని బస్టాండు వైపు నడిచింది.