కోసిన చేప తూకం

నాకు లెక్కలొచ్చన్న పొగరు ఉండేది. మదనపల్లెలో బట్టల కొట్లో బిల్లులు కొట్టే ఉద్యోగం మానేసి పుంగనూరులో మా అమ్మ చేపల అంగట్లో కూర్చున్నది కూడా ఆ పొగరుతోనే. ఇరవై ఏళ్లుగా అమ్ముతున్నా అమ్మకు కిలోకి ఎంత మిగులుతుందో తెలియదని ఎగతాళి చేసేదాన్ని.

అమ్మ పద్ధతి ఒకటే. నిండు చేపను కొనేవాళ్ల కళ్ల ముందు తూచి, డబ్బులు తీసుకుని, ఆ తర్వాత పొలుసు తీసి కోసి ఇచ్చేది. పేగులు, మొప్పలు, పొలుసు ఏం పోయినా కొన్నవాళ్ల లెక్కలోనే పోయేవి.

మదనపల్లె నుంచి ఒక వంటల కాంట్రాక్టరు వచ్చి, ఆదివారం ఫంక్షనుకు డెబ్భై కిలోల కట్ల చేప కావాలని, తలలూ పేగులూ తీసి ముక్కలు కోసి ఇవ్వాలని అడిగాడు. బాగుంటే వారం వారం మా దగ్గరే తీసుకుంటానన్నాడు. నేను అక్కడికక్కడే ఫోనులో లెక్క వేశాను. కొనేది కిలో నూట యాభై. కోస్తే నూటికి ముప్పై పోతుంది కాబట్టి ఇంకో నలభై ఐదు కలిపాను. ఐసు కిలోకి ఎనిమిది. రెండొందల మూడు పడుతుందనుకుని, రెండొందల ఇరవైకి ఇస్తానని చెప్పేశాను. కిలోకి పదిహేడు రూపాయలు లాభం!

"తూకం దేనికే? నిండు చేపకా, కోసిందానికా?" అంది అమ్మ.

"కోసిందానికే. ముప్పై కలిపినాలేమ్మా, నువ్వు ఊరికే ఉండు," అని కసిరాను.

ఆ ముప్పై లెక్కనే నమ్మి తొంభై ఒక్క కిలోలు కొన్నాను. ఐసుకు ఏడొందలు అయింది. వచ్చే వారం సరుకు కొనే డబ్బంతా అందులోనే పెట్టాం. మాకు వేరే డబ్బు లేదు.

ఆదివారం తెల్లవారుజాము నుంచి ఇద్దరం కోస్తూనే ఉన్నాం. ఎనిమిదికి కాటా మీద పెడితే అరవై ఆరు వచ్చింది.

"నీళ్లు వడిసేదాకా ఆగు," అంది అమ్మ. నీళ్లన్నీ కారిపోయాక అరవై నాలుగు.

పదింటికి పొయ్యి మీద నూనె కాగుతుంది, మూడొందల మంది భోజనానికి వస్తారు, నా దగ్గర ఆరు కిలోలు తక్కువ. నేను చేసిన తప్పు అప్పుడు తెలిసింది. ముప్పై పోయేది కొన్న చేపలో. మిగిలేది కిలోకి ఏడొందల గ్రాములే. ఆ ఏడొందల గ్రాముల్లోంచే నూట యాభై రాబట్టాలి. అంటే కోసిన కిలో చేపే రెండొందల పద్నాలుగు, ఐసుతో రెండొందల ఇరవై ఐదు. డెబ్భై కిలోలకు వంద కిలోలు కొనాల్సింది. నేను ప్రతి కిలోకి ఐదు రూపాయలు చేతినుంచి పెట్టి అమ్ముతున్నాను.

అమ్మ కత్తి పక్కన పెట్టి లేచింది. పక్క అంగడికి పోయి తొమ్మిది కిలోలు, కిలో నూట ఎనభైకి తెచ్చింది. తిట్టినా బాగుండేది అనిపించింది. కోసి, ఐసు పెట్టెల్లో సర్ది, ఆటో ఎక్కించాం. మదనపల్లె చేరేదాకా నాకు ఒకటే భయం. ఇదే రేటుకు ప్రతి వారం కావాలంటే? మాట ఇచ్చేశాను గదా. ఎంత ఎక్కువ అమ్మితే అంత మునుగుతాం. నెల రోజుల్లో అంగడి మూసి, మళ్లీ బట్టల కొట్టు గడప ఎక్కాలి.

కాంట్రాక్టరు తూకం చూసుకుని పదిహేను వేల నాలుగొందలు ఇచ్చాడు. మాకు పెట్టుబడే దాదాపు పదహారు వేలైంది. "వచ్చే వారం కూడా ఇదే రేటే కదమ్మా?" అన్నాడు.

వారం వారం బేరం పోయినా పరవాలేదనుకుని చెప్పాను. "లేదప్పా. కోసింది కిలో రెండొందల యాభై. ఈ రేటుకైతే మేము నష్టపోతాండాం."

ఆయన నవ్వాడు. "నాకు తెలుసమ్మా. రెండొందల ఇరవైకి ఎట్లిస్తాదబ్బా ఈ పిల్ల అని ఆ పొద్దే అనుకున్నా."

"అయితే యాల చెప్పలేదప్పా?"

"రేటు చెప్పింది నువ్వు గదా. నేనెందుకు చెప్తాను?" అని, రెండొందల యాభైకి ఒప్పుకుని వంట దగ్గరికి వెళ్లిపోయాడు.

నాకు సంతోషం రాలేదు. వెళ్లి ఆటోలో కూర్చున్నాను. నేను మునుగుతున్నానని ఆయనకు ముందే తెలుసు, అమ్మకూ అనుమానం వచ్చింది. తెలియనిది నాకొక్కదానికే. ఇప్పటికీ కోసిన చేపకు రేటు చెప్పేముందు ఒకసారి అమ్మ వైపు చూస్తాను.