బేరమాడని క్లయింటు

చిక్కడపల్లిలో మా ఇంట్లోనే కూర్చుని అనువాదాలు చేస్తాను, ప్రూఫులు దిద్దుతాను. దీన్ని ఫ్రీలాన్సింగ్ అంటారు. మా ఆవిడకు అందులో మొదటి అక్షరమే వినిపిస్తుంది. "ఫ్రీగానే ఉన్నారుగా" అని కూరగాయలకు పంపుతుంది.

ఒక మందుల కంపెనీ పేరుతో మెయిల్ వచ్చింది. ఆఫీసు నారాయణగూడ. ఆరోగ్యం మీద నలభై పేజీల పుస్తకం తెలుగు చేయాలట. బేరంలో మూడొందలకు దిగొచ్చనే ధీమాతో పేజీకి ఐదొందలు అడిగాను. వెంటనే సరేనన్నారు. నా భాష గొప్పదనాన్ని గుర్తించినవాళ్లు ఇన్నేళ్లకు దొరికారని పొంగిపోయి అకౌంటు నంబరు పంపేశాను.

మర్నాడు నా ఖాతాలో అరవై ఐదు వేల చెక్కు వేశారు. వెనకే ఫోన్: "సార్, పొరపాటున పుస్తకం అచ్చేసే ప్రింటర్ డబ్బులూ కలిసిపోయాయి. మీ ఇరవై వేలు ఉంచుకుని మిగతాది సాయంత్రంలోగా ప్రింటర్‌కి ఫోన్‌లో పంపేయండి."

ఖాతాలో అప్పటికి ఉన్నది నలభై ఎనిమిది వేలు. సోమవారం కట్టాల్సిన మా అమ్మాయి కాలేజీ ఫీజు. బ్యాంకు మెసేజ్‌లో నేను చదివింది అంకె ఒక్కటే.

డబ్బు పంపేముందు, మెయిల్‌లో వచ్చిన పుస్తకం ప్రింటు తీయించుకుందామని అశోక్ నగర్‌లో జిరాక్స్ అక్క దగ్గరికి వెళ్లి, మిషను తిరుగుతుంటే గొప్పగా చెప్పాను.

"బేరమాడలేదా?" అందామె.

"లేదక్కా. పైగా ఎక్కువేశారు."

"రూపాయి జిరాక్సుకు కోచింగ్ పోరగాళ్లు నాతోని కొట్లాడుతరు. నీకు అడిగినంత ఇచ్చి, మీదికెల్లి ఇంకింత ఏసిండా? జర ఫోన్ చూపియ్." బ్యాంకు మెసేజ్ చదివింది. "'చెక్కు వసూలైతేనే' అని ఉన్నది గద అన్నా. పైసలింక రాలే. చెక్కు వాపస్ వస్తే, నువ్ పంపినయి నీ సొంత పైసలే."

"పెద్ద కంపెనీ అక్కా."

"పేరు పెద్దదే. నౌకరిస్తమంటే ఫీజు కట్టి మోసపోయినోళ్లు పోలీసులకిచ్చే కాయితాలు నా దగ్గరనే జిరాక్స్ తీయిస్తరు. అందరిదీ పెద్ద కంపెనీనే. నారాయణగూడ ఎంత దూరం? నడువు. వాడిచ్చిన నంబరుకు చెయ్యకు, వాడే ఎత్తుతడు."

నడిచాను. దారిలో మూడుసార్లు ఫోన్ మోగింది. ఎత్తలేదు. ధైర్యం కాదు, ఎత్తితే మొహమాటానికి పంపేస్తానని భయం.

కంపెనీ నిజంగానే ఉంది. రిసెప్షన్‌లో అమ్మాయి నా మెయిల్ చూసి, చిరునామాలో తమ పేరు పక్కన అదనంగా ఉన్న అక్షరాన్ని వేలుపెట్టి చూపించింది. ప్రూఫులు దిద్ది బతికేవాణ్ణి, నాకది కనిపించలేదు.

"మేం ఏ పుస్తకమూ చేయించట్లేదండీ. మీరు మూడోవారు" అంది. "ముందిద్దరూ డబ్బు పంపాక వచ్చారు."

అటునుంచటే బ్యాంకుకెళ్లి జరిగిందంతా ఫిర్యాదుగా రాసిచ్చాను. రెండ్రోజులకు చెక్కు చెల్లలేదని మెసేజ్ వచ్చింది. ఈసారి పూర్తిగా చదివాను. సోమవారం ఫీజు కట్టాం.

ఫిర్యాదు రాసిచ్చిన రోజే, బ్యాంకు నుంచి తిరిగొస్తూ అక్క దగ్గర ఆగాను. నలభై పేజీలకు ఎంతైందంటే చెప్పింది. బేరమాడకుండా తీసిచ్చాను.

ఆమె నోటును ట్యూబులైటుకు పట్టి చూసింది.