జగన్‌మోహన్ సారు స్కూటర్ పాఠం

మా ఆయన జగన్‌మోహన్‌కు ఇంగ్లీషు పాఠం చెప్పడానికి పుస్తకం అక్కర్లేదు, స్కూటర్ ఉంటే చాలు. పదో తరగతి ప్రైవేటుగా కట్టినవాళ్ళు సాయంత్రాలు మా వాకిట్లో చాపలేసుకుని కూర్చునేవాళ్ళు. ఆయన స్టాండేసిన స్కూటర్ సీటు మీద ఒక్క దెబ్బ వేసి మొదలుపెట్టేవారు.

"పుట్ మొగడు, ఆన్ పెండ్లాం. ఇద్దరు బండెక్కిన్రు. శాలువా నామవాచకం, ఎదిగిన పిల్ల. నడుమనన్న కూసుంటది, ఎన్కనన్న కూసుంటది. పుట్ ది శాల్ ఆన్ అన్నా, పుట్ ఆన్ ది శాల్ అన్నా ఒకటే. ఇట్ మాత్రం సర్వనామం, చంటిది. ఎన్క కూసోబెడితే జారిపడదా? దాన్ని నడుమనే పెట్టాలె. పుట్ ఇట్ ఆన్!"

"మరి లుక్ ఆఫ్టర్, సారూ?"

"అది కొత్త జంట! నడుమ ఎవ్వర్నీ రానియ్యరు. ఎదిగినోళ్ళయినా, చంటోళ్ళయినా ఎన్కనే. లుక్ ఆఫ్టర్ ది చైల్డ్. లుక్ ఆఫ్టర్ హర్."

ఈ ముక్క దగ్గర ఆయన కచ్చితంగా వంటింటి గుమ్మం వైపు, అంటే నా వైపు చూసేవారు. వాకిలంతా నవ్వు. అప్పటికి మాకు బడికెళ్ళే కూతురుంది, నేనెక్కడి కొత్త పెళ్ళికూతురిని? చేతిలో గరిటె విసరాలనిపించేది. నిజం చెప్పొద్దూ, లోపల్లోపల మురిసిపోయేదాన్ని కూడా.

ఆ చాపల మీద అందరికంటే పెద్దది బస్వమ్మ. చిరాగ్‌పల్లి నుంచి బస్సులో వచ్చి మా ఊరి దవాఖానాలో ఆయాగా చేసేది. నర్సు ట్రైనింగుకు పోవాలని ఆమె పట్టుదల. అన్ని సబ్జెక్టులూ గట్టెక్కాయి, ఇంగ్లీషు ఒక్కటే ప్రతిసారీ ఒకటి రెండు మార్కుల దగ్గర ముంచుతోంది. ట్రైనింగుకు వయసు ఈ ఏడాదితో దాటిపోతుంది. ఈసారి తప్పితే ఇక జీవితాంతం బెడ్‌పాన్లే.

బస్వమ్మకు పాఠం కంటే సందేహాలు ఎక్కువ. "సారూ, గీ మాటకు అర్థమేంది? గా మాటకేంది?" అని ప్రాణం తోడేది. మా ఆయన మంచివారే గానీ ముక్కు మీద కోపం. "నన్నడగకు! లుక్ ఇట్ అప్!" అని ఒక్క అరుపు అరిచి, డొక్కు డిక్షనరీని ఆమె ముందుకు తోసేవారు. పాలు పొంగినా నేను ఉలిక్కిపడను గానీ ఆ అరుపుకు ఉలిక్కిపడేదాన్ని.

ఇంగ్లీషు పరీక్షనాడు మధ్యాహ్నం, ఆ చాపల మీదే కూర్చునే సంగప్ప కొంచెం ముందే రాసి వచ్చి, ప్రశ్నపత్రం చేతికిచ్చాడు. మా ఆయన నిలబడే చదివి, అలాగే అరుగు మీద కూలబడ్డారు. నామవాచకాలు తీసి సర్వనామాలు పెట్టి వాక్యాలు తిరగరాయమన్నారట. అందులో 'షీ లుక్డ్ అప్ ది వర్డ్ ఇన్ ది డిక్షనరీ' అని ఉంది.

"మనోరమా, కొంప మునిగింది. లుక్ అంటే కొత్త జంట అని బస్వమ్మ బట్టీ పట్టింది. పక్కన అప్ వస్తే అది వేరే సంసారమని నేను చెప్పనేలేదు. లుక్డ్ అప్ ఇట్ అని రాసొస్తది సూడు!"

ఆయన అన్నం ముట్టలేదు. నాకూ ముద్ద దిగలేదు. ఆ పిల్ల తెల్ల చీర కట్టుకుని తిరగాలని నాకెంత ఆశగా ఉండేదో అప్పుడే తెలిసింది.

గంట తిరక్కుండానే గేటు చప్పుడైంది. బస్వమ్మ! చెమటలు కక్కుతోంది, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"లుక్ అప్ ఏం రాసినవే?" ఆయన అరుగు దిగి ఎదురెళ్ళారు.

"లుక్డ్ ఇట్ అప్ అని రాసిన సారూ."

"కొత్త జంట నడుమ చంటిదాన్ని కూసోబెట్టినవా? ఎట్ల తెల్సె నీకు?"

"స్కూటర్ యాదికి తెచ్చుకుంటే ఎన్కనే రావాలె సారూ. పెన్ను ఆడలే. గప్పుడు చెవుల మీ తిట్టు ఇనబడ్డది. రోజూ నా మీద ఒర్లుతరు గద, లుక్ ఇట్ అప్ అని! ఇన్ని దినాలల్ల ఒక్కనాడన్న లుక్ అప్ ఇట్ అని తిట్టిన్రా? సారు తిట్టు తప్పుగాదని రాసిన."

నాకు నవ్వాగలేదు. ఇన్నేళ్ళు స్కూటర్ మీద మా సంసారాన్ని ఊరంతా ఊరేగించిన మనిషిని చివరికి ఆయన నోరే కాపాడింది. మరుసటి రోజు నుంచి వాకిట్లో పాఠం మారింది. మొగుణ్ణి చూసి మోసపోవద్దు, పక్కనెవరున్నారో చూడాలి, జంట జంటకూ తీరు వేరు అని.

బస్వమ్మ బొటాబొటి మార్కులతో గట్టెక్కింది. ఫలితాలొచ్చిన నాడు కోవా పేడాలు పట్టుకొచ్చి మా ఇద్దరి కాళ్ళకూ మొక్కింది. ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే నేను చూడనట్టు వంటింట్లోకి పోయి నేనూ తుడుచుకున్నాను.

ఇప్పుడామె రాయికోడ్ దవాఖానాలో నర్సు. మొన్న మా అమ్మాయికి సూది వేయించడానికి వెళ్ళాం. కొత్తగా చేరిన పిల్ల మందు డబ్బా మీద ఏదో ఇంగ్లీషు మాట చూపించి అర్థమడిగింది. తెల్ల చీరలో బస్వమ్మ నడుం మీద చెయ్యి పెట్టి, అచ్చం మా ఆయన గొంతుతో "నన్నడగకు! లుక్ ఇట్ అప్!" అని అరిచింది.

మా ఆయన ఉలిక్కిపడ్డారు.