మోదుగుపువ్వు రంగు వెలిసిన వారం

మా వృక్షశాస్త్ర విభాగంలో గాలికి కూడా ఆజ్ఞలు జారీ చేసే మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు బుచ్చిరాములు, మాకందరికీ బుచ్చన్న. విభాగం ఫొటోగ్రాఫర్. కొమ్మ కదిలిందంటే కెమెరా వెనక నుంచే "ఓ గాలీ, జర ఆగరాదే, ఒక్క నిమిషం" అని బతిమాలతాడు. గాలి ఎప్పుడూ వినలేదు. అయినా అడగడం మానడు.

ముప్పై ఏళ్ల కింద డార్క్‌రూంలోకి నీళ్లు మోసే పనికి చేరాడు. ఫొటోలు కడగడం నేర్చాడు, తీయడం నేర్చాడు, మొక్కల లాటిన్ పేర్లు మాకంటే బాగా నేర్చాడు. రోజూ తార్నాక నుంచి క్యాంపస్‌కి నడిచే వస్తాడు. భార్య లచ్చవ్వ ఆయనకు రెండు జేబురుమాళ్లు ఇచ్చి పంపుతుంది, ఒకటి ఆకుల మీద దుమ్ము తుడవడానికి, ఒకటి మొహం తుడుచుకోవడానికి. మొహం రుమాలు వారానికొకటి పారేసుకుంటాడు. ఆకుల రుమాలు మాత్రం నేను చూస్తుండగా ఒక్కసారీ పోలేదు.

ఇక నా సంగతి. నా పేరు నిరోష, అడిక్‌మెట్‌లో అద్దె గదిలో ఉంటూ అదే విభాగంలో పరిశోధన చేస్తున్నాను. కొంచెం ప్రోగ్రామింగ్ వచ్చు. ఆ కొంచెమే కొంప ముంచింది.

ఈ వేసవి మొదట్లో విభాగం వెబ్‌సైట్లో క్యాంపస్ మొక్కల ఆల్బం పెట్టాలనుకున్నారు. బుచ్చన్న తీసినవి మూడు వేల ఫొటోలు. నేను ఒక స్క్రిప్ట్ రాశాను. అది ఒక్కో ఫొటో తెరిచి, చిన్నది చేసి, కింద మొక్క పేరు వేసి, కొత్త ఫైలుగా దాచుకుంటుంది. టీ తాగి వచ్చేసరికి పని పూర్తయింది. ఆ సాయంత్రం నా కాళ్లు నేల మీద లేవు.

మర్నాడు హెడ్ సోమయాజులు గారు మా ఇద్దరినీ పిలిచారు. తెర మీద మోదుగుపువ్వు. నిప్పులా ఉండాల్సిన పువ్వు పాత ఇటుకలా ఉంది. పక్కన వేపచిగురు జ్వరం పడి లేచినట్టుంది.

"బుచ్చిరాములూ, పదేళ్లుగా పుస్తకాల్లో మీ ఫొటోలు చూస్తున్నాను. ఇవేమిటి ఇలా ఉన్నాయి?"

"నా రూంల మానిటర్ మీద మంచిగనే ఉన్నయి సార్."

"అది అచ్చుపని కోసం కొన్న ఖరీదైన మానిటర్. అందులో అన్నీ బాగానే కనిపిస్తాయి. జనం చూసేది ఇలాంటి వాటిలో. ఒకసారి కళ్లు చూపించుకోండి. అంతవరకు కెమెరా బ్యాగు ఆఫీసులో పెట్టండి. కళ్లు సహకరించకపోతే డిస్పాచ్ సెక్షన్‌లో కూర్చోవచ్చు, నీడపట్టు పని."

సోమయాజులు గారు చెడ్డవారు కాదు. ఆ మాట దయగానే అన్నారు. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది. బుచ్చన్నకు మాత్రం అనుమానం పట్టుకుంది. వాళ్ల నాయనకు ఇదే వయసులో చూపు మందగించిందట. బ్యాగు తెచ్చి బల్ల మీద పెట్టి, పట్టీ రెండుసార్లు సర్ది, వెళ్లిపోయాడు.

నేనేం చేశానో కూడా చెప్పాలి. "పాపం బుచ్చన్న" అనుకుని క్యాంటీన్‌కి పోయి సమోసా తిన్నాను. నా స్క్రిప్ట్ మీద నాకు ఈగ వాలనివ్వనంత నమ్మకం.

మూడు రోజులు ఆయన తార్నాకలో తన కళ్లను తనే పరీక్షించుకున్నాడట. కూరగాయల బండి దగ్గర నిలబడి పచ్చిమిర్చిలో లేతవీ ముదురువీ వేరు చేశాడట. లచ్చవ్వ దండెం మీది చీరల రంగులు అప్పజెప్పించిందట. "అన్నీ కరెక్టే చెప్పిండు బిడ్డా, ఆఖరికి ఏ చీర ఎప్పుడు కొన్నడో గది మాత్రం చెప్పలే" అని తర్వాత నాతో అంది. నాలుగో రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. అక్కడ నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"నిరోషమ్మా, గా పువ్వు ఫొటో ఒకపాలి తియ్."

వెబ్‌సైట్లోది తెరిచాను. పువ్వు పక్కన కొలత కోసం పెట్టే తెల్ల స్కేలు మీద వేలు పెట్టాడు.

"డాక్టరు ఏమన్నడంటే, కంట్ల శుక్లం వస్తే ముందుగాల తెలుపే పసుప్పచ్చగ అయితదట. మరి గీ స్కేలు చూడు, తెల్లగనే ఉన్నది. దాని మీది బూడిద గీతలు సుత మంచిగున్నయి. రంగులే సచ్చినయి. తెలుపు, బూడిద ఉండి రంగులే పోతే, గది నా కంటి కథ కాదు. ఎవలో రంగులను వట్టుకున్నరు."

ఆ 'ఎవలో' ఎవరో నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఆయన తీసిన అసలు ఫైలు, నా స్క్రిప్ట్ దాచిన ఫైలు, రెండూ నా మామూలు ల్యాప్‌టాప్‌లోనే బ్రౌజర్‌లో పక్కపక్కన తెరిచాను. అసలుది భగ్గుమంటోంది, నాది వెలిసిపోయింది. కాబట్టి మానిటర్ తప్పు కాదు. అదే స్క్రిప్ట్‌తో, చిన్నది చేయకుండా, అసలుదాన్ని ఒకసారి దాచి, రెండు ఫైళ్లలో పువ్వు మీద ఒకే చోట రంగు అంకెలు చూశాను. దాదాపు అవే అంకెలు! అంకెలు అవే అయితే రంగు వేరెలా అయింది?

తేడా అంకెల్లో లేదు, వాటితో వచ్చే చీటీలో ఉంది. ఫొటో ఫైలులో కలర్ ప్రొఫైల్ అని ఒకటి ఉంటుంది. ఈ అంకెలను ఏ కొలతతో చదవాలో చెప్పేది అదే. మూటమీద 'అయిదు' అని ఉంటే చాలదు, సేర్లా కిలోలా అని తెలియాలి కదా. పుస్తకాల అచ్చు కోసం బుచ్చన్న కెమెరాను ఎప్పుడో అడోబ్ ఆర్‌జీబీలో పెట్టాడు. అది ఎక్కువ రంగులు పట్టే పెద్ద కొలత. నా స్క్రిప్ట్ దాచేటప్పుడు ఆ చీటీని వెంట పంపలేదు, పంపమని నేను చెప్పలేదు. చీటీ లేకపోయేసరికి బ్రౌజర్లు వెబ్‌లో మామూలైన చిన్న కొలత, ఎస్ఆర్‌జీబీ, అనుకుని చదివాయి. రంగులు కుంచించుకుపోయాయి. బూడిద, తెలుపు మాత్రం రెండు కొలతల్లోనూ ఇంచుమించు ఒకటే, అందుకే స్కేలు బతికిపోయింది.

"తప్పు నాది బుచ్చన్నా" అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

"ఏడ్సుడు తర్వాత, ముందు గది సక్కగ చెయ్" అన్నాడు.

తొందరలో ఎస్ఆర్‌జీబీ చీటీ అతికించాను. ఏమీ మారలేదు. మూట మీద 'కిలోలు' అని రాసినంత మాత్రాన సేర్లు కిలోలు కావు, లోపలి అంకెలు కూడా మార్చాలి. అడోబ్ కొలత నుంచి ఎస్ఆర్‌జీబీకి అంకెలను మార్పించి, కొత్త చీటీ జతచేసి, అసలు ఫైళ్ల మీద మళ్లీ నడిపాను. మోదుగు మండింది.

సోమయాజులు గారిని బుచ్చన్న గదికే తీసుకొచ్చి, ఆ ఖరీదైన మానిటర్ మీద అసలువీ కొత్తవీ పక్కపక్కన చూపించాం. నా నేరం నేనే ఒప్పుకున్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చూశారు.

"రెండూ ఒకటే. అద్భుతం!"

"ఒకటే కాదు సార్" అన్నాడు బుచ్చన్న. ఎండకు ఎదురుగా తీసిన అరటిచిగురు చూపించాడు. "నా ఫొటోల గీడ రెండు ఆకుపచ్చలు ఉన్నయి, నడుమ సన్నటి ఈనె ఉన్నది. కొత్త దాంట్ల రెండు కలిసి ఒకటే అయినయి. ఈనె మాయం."

సోమయాజులు గారు వంగి చూశారు. నేనూ వంగి చూశాను. అసలు ఫొటోలోనూ మా ఇద్దరికీ ఒక్క పచ్చే కనిపించింది. అంకెలు తీసి చూస్తే ఆయన చెప్పిందే నిజం. చిన్న కొలతలో పట్టనంత గాఢమైన పచ్చ అది. ఆ రెండు పచ్చలను వేరు చేసే నీలం అంకెలన్నీ మార్చేటప్పుడు వెళ్లి సున్నా దగ్గర ఇరుక్కున్నాయి. వెబ్‌కి ఇంతకు మించి కుదరదు, అసలు ఫైళ్లను చీటీతో సహా భద్రంగా ఉంచుకోవాలంతే.

సోమయాజులు గారు ఆఫీసులోకి వెళ్లి, కెమెరా బ్యాగు స్వయంగా మోసుకొచ్చి బుచ్చన్న చేతికిచ్చారు. బుచ్చన్న కళ్లు నిండాయి. లచ్చవ్వ ఇచ్చిన మొహం రుమాలు ఆ రోజు కూడా ఎక్కడో పారేసుకున్నట్టున్నాడు, ఆకుల రుమాలుతోనే తుడుచుకున్నాడు. బ్యాగు భుజానికి తగిలించుకుని గుమ్మం దగ్గర ఆగాడు.

"సార్, మీరు సుత ఒకపాలి కండ్లు చూపిచ్చుకోండ్రి. మా తార్నాక డాక్టరు మంచోడు."